సాయంత్రం ఐదింటి కునుకే అసలు చిక్కు

"నాకు 61 ఏళ్లు. నల్లగొండలో ఉంటాం. కొడుకు, కోడలు పొద్దున ఎనిమిదిన్నరకు ఉద్యోగాలకు పోతే రాత్రి ఏడింటికి వస్తారు. మూడేళ్ల మనుమడు నా దగ్గరే. ఎనిమిదింటికి లేస్తాడు. ఫోన్ పెడితేనే అన్నం తింటాడు. సాయంత్రం ఐదింటికి పడుకుని ఏడింటికి లేచి, రాత్రి పదకొండు దాకా ఆడుతూనే ఉంటాడు. కోడలికి కోపం వస్తోంది. నాకు మోకాళ్ల నొప్పులు, వాడి వెంట ఉరకలేను. పొద్దంతా వాడితో ఏం చేయాలి?"

అమ్మా, మీ బాబు నిద్ర లెక్క వేసి చూశాను. రాత్రి తొమ్మిది గంటలు, సాయంత్రం రెండు, మొత్తం 11. ఈ వయసుకు పగలూ రాత్రీ కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అంటే వాడికి నిద్ర చాలుతోంది, వేళే తప్పింది. ఏడింటికి కోడలు అలసిపోయి ఇంట్లో అడుగు పెట్టేసరికి వాడు కొత్తగా తెల్లారినట్టు లేస్తున్నాడు.

దీన్ని రాత్రి వైపు నుంచి సరిచేయబోతే పని కాదు. నిద్ర రాని పిల్లవాడిని ఎవరూ పడుకోబెట్టలేరు, లేపడం మాత్రం మన చేతిలో ఉంది. నాలుగు రోజులు ఏడున్నరకు, తర్వాత ఏడింటికి లేపండి. పన్నెండింటికి అన్నం పెట్టి, ఒంటి గంటకల్లా పరదాలు వేసి పక్కన పడుకోండి. రెండున్నరకు, మరీ అయితే మూడింటికి లేపేయండి. మొదటి రెండు మూడు రోజులు పగలు పడుకోకుండా నాలుగున్నరకు తూగుతాడు. అప్పుడు ఇరవై నిమిషాలు పడుకోనిచ్చి, మొహం కడిగి వాకిట్లోకి తీసుకురండి. ఆ రాత్రి ఎనిమిదిన్నరకే కళ్లు మూస్తాడు. వారం పది రోజుల్లో వేళ కుదురుతుంది. ఆదివారం తల్లిదండ్రులు కూడా ఇదే వేళ పాటించాలి, లేకపోతే సోమవారం మళ్లీ మీకే తిప్పలు.

ఇక ఫోన్. దాన్ని చూస్తూ తినే పిల్లవాడికి కడుపు నిండిందో లేదో తెలియదు. ముద్ద బుగ్గన పెట్టుకుని కూర్చుంటాడు. వాడికీ మీకూ రెండు కంచాలు పెట్టుకుని కలిసి తినండి. చిన్న గిన్నెడు పప్పన్నం, రెండు కూర ముక్కలు చాలు. వాడి చేత్తోనే తిననివ్వండి, కింద పడితే పడనివ్వండి. అరగంటయ్యాక కంచం తీసేయండి, కోప్పడొద్దు, బతిమాలొద్దు. ఆ తర్వాత సాయంత్రం తిండి దాకా బిస్కెట్లు, పాలు ఇవ్వకూడదు. చాలా ఇళ్లలో ఇక్కడే జారిపోతాం: "పాపం, ఏమీ తినలేదు" అని గంటకే గ్లాసు పాలు పట్టేస్తాం, వాడికి ఇక ఆకలెక్కడిది? మూడు నాలుగు రోజులు తక్కువే తింటాడు. హుషారుగా ఆడుతూ, మామూలుగా మూత్రం పోస్తుంటే టెన్షన్ పడకండి. డీలా పడినా, బరువు తగ్గుతున్నా పిల్లల డాక్టర్‌కు చూపించండి.

ఆటలంటే మీరు ఉరకడం కాదు, వాడు ఉరకాలి. మన దగ్గర ఎండ సంగతి తెలిసిందే కదా, అందుకే వాకిట్లో ఆట తొమ్మిదిన్నర లోపు, మళ్లీ ఐదు తర్వాత. మీరు కుర్చీలో కూర్చుని చాక్‌పీసుతో ఐదారు గుండ్రాలు గీయించండి. "కప్పలా దుంకు, కొంగలా ఒంటికాలి మీద నిలబడు" అని చెబుతుంటే వాడే అలసిపోతాడు. ఇంట్లోకి వచ్చాక మీ పనే వాడి ఆట. గిన్నెలకు మూతలు వెతికి పెట్టడం, ఉల్లిగడ్డలు ఒక బుట్టలో ఆలుగడ్డలు ఒక బుట్టలో వేయడం, రొట్టె పిండిలో ముద్ద ఇస్తే పాము చేయడం. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు, బంతి పూలు వేరు చేయమనండి, గంట కదలడు. చెంబుతో నీళ్లు పోసుకునే ఆటంటే వాడికి ప్రాణం. అయితే కంటి ముందే ఆడించి, అయిపోగానే బకెట్ బోర్లించండి. జానెడు నీళ్లలో కూడా ఈ వయసు పిల్లలు మునిగిపోగలరు.

చింతగింజలు, గచ్చకాయలు ఇప్పుడే ఇవ్వొద్దు. మనం వాటితోనే పెరిగాం, నిజమే, కానీ మూడేళ్ల వాడు ముక్కులో పెట్టుకుంటాడు. ఒక ముక్కు నుంచే వాసనతో చీమిడి కారుతుంటే గింజ ఇరుక్కుందేమో అని అనుమానించాలి. పిన్నుతో, వేలితో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది, డాక్టరే తీయాలి. పల్లీలు కూడా గింజలుగా వద్దు, పొడి చేసి పెట్టండి.

ఎత్తుకోమని ఏడిస్తే నిలబడి ఎత్తుకోవద్దు, మంచం మీద కూర్చుని ఒళ్లోకి ఎక్కమనండి. పగటి వేళ కుదిరాక దగ్గరి అంగన్‌వాడీ టీచర్‌తో మాట్లాడండి. మూడేళ్లు నిండిన పిల్లలను తీసుకుంటారు. పొద్దున రెండు మూడు గంటలు వాడు అక్కడ ఉంటే మీరు వంట చేసుకుని కాళ్లు చాపుకోవచ్చు.