పెద్ద ఆకారం ఉన్న ఫోనే మంచి ఫోనా?

"రెండు ఫోన్లు పోల్చి చూస్తుంటే సాలెగూడు లాంటి చార్టు ఒకటి వచ్చింది. ఒక ఫోన్ ఆకారం బాగా పెద్దగా కనిపిస్తోంది, రెండోది చిన్నగా ఉంది. తీరా మార్కులు కూడితే రెండిటికీ ఒకటే వస్తోంది! ఇదెలా? పెద్దగా ఉన్నదే తీసుకోనా?"

ఆగండి, ఇంకా ఆర్డర్ పెట్టకండి. ఇలాంటి చార్టే నమ్మి నేను మా నాన్నకు తప్పు ఫోన్ కొన్నాను.

ఆయన పాత ఫోన్ స్పీకర్ పోయింది. నేను ఊళ్ళో లేను కాబట్టి ఆన్‌లైన్లో చూసి ఇంటికి పంపాలి. రెండు ఫోన్లు పక్కపక్కన పెడితే ఆరు అక్షాల రాడార్ చార్టు వచ్చింది. పైనుంచి గడియారం ముల్లు తిరిగే వైపుగా కెమెరా, డిస్‌ప్లే, వేగం, బ్యాటరీ, స్పీకర్, ధర. ప్రతిదానికీ పదికి మార్కులు. లెక్క తేలిగ్గా ఉండాలని దశాంశాలు వదిలేసి చెబుతున్నాను. ఒక ఫోన్‌కు మొదటి మూడింటిలో 9 చొప్పున, మిగతా మూడింటిలో 3 చొప్పున వచ్చాయి. దీన్ని షోకు ఫోన్ అందాం. రెండోదానికి ఆరింటిలోనూ 6. ఇది సాదా ఫోన్. కూడితే రెండిటికీ 36.

తెర మీద మాత్రం షోకు ఫోన్ కుడివైపంతా ఉబ్బిపోయి, నిండు రంగుతో మెరిసిపోతోంది. సాదా ఫోన్ తేనెపట్టు గదిలా ఆరు కోణాలతో బుద్ధిగా కూర్చుంది. నా కన్ను మొదటిదాని మీదే ఆగింది, వేలు కూడా దాని మీదే నొక్కింది. ఫోన్ వెళ్ళిన మూడో రోజున నాన్న ఫోన్ చేశాడు: "ఏరా, ఇది మధ్యాహ్నం కాకముందే పడుకుంటోంది. మాటలు సరిగా వినబడట్లేదు. కెమెరా బాగుందంటున్నారు గానీ, నేను ఎవరిని తీస్తానురా, గేదెల్నా?"

ఆ రాత్రి కాగితం తీసుకుని కూర్చున్నాను. చార్టులో ఆకారం ఎక్కడినుంచి వస్తుందో చూస్తే విషయం తేలిపోయింది.

చుక్కల ముగ్గు గుర్తు తెచ్చుకోండి. ముందు చుక్కలు పెడతాం, తర్వాత వాటిని గీతలతో కలుపుతాం. రాడార్ చార్టులోనూ ఒక్కో అక్షం మీద ఒక్కో చుక్క ఉంటుంది, అది ఆ ఫోన్‌కు వచ్చిన మార్కు. సమాచారమంతా ఆ ఆరు చుక్కల్లోనే ఉంది. కెమెరా చుక్కనుంచి డిస్‌ప్లే చుక్కకు పోయే గీత దేన్నీ కొలవదు. కెమెరాకూ డిస్‌ప్లేకూ మధ్యలో ఉండే గుణమంటూ ఏదీ లేదు కదా. కానీ ఆ గీతల లోపల రంగు నింపగానే మన కన్ను చుక్కల్ని వదిలేసి రంగును చూడటం మొదలుపెడుతుంది.

ఇప్పుడా రంగు వైశాల్యం ఎంతో చూద్దాం. మధ్యలోని బిందువు నుంచి చూస్తే ఆ ఆకారంలో ఆరు త్రిభుజాలుంటాయి. పక్కపక్కన ఉన్న రెండు మార్కులు ఒక్కో త్రిభుజానికి రెండు భుజాలు. ఆ రెండింటినీ గుణించి, ఒక స్థిర సంఖ్యతో మళ్ళీ గుణిస్తే దాని వైశాల్యం వస్తుంది. ఆరు అక్షాలున్నప్పుడు ఆ స్థిర సంఖ్య సుమారు 0.433. అన్ని త్రిభుజాలకూ అదే కాబట్టి పోలికలో దాన్ని పక్కన పెట్టేయొచ్చు. మిగిలేది పక్కపక్క మార్కుల లబ్ధాల మొత్తం.

షోకు ఫోన్‌కు: 9×9, 9×9, 9×3, 3×3, 3×3, చివరగా ధరనుంచి మళ్ళీ కెమెరాకు 3×9. కూడితే 234. సాదా ఫోన్‌కు 6×6 ఆరుసార్లు, అంటే 216. మార్కులు సమానమైనా షోకు ఫోన్ ఆకారం పెద్దదయింది. మీకు వచ్చిన అనుమానానికి జవాబు ఇదే.

ఇక్కడే అసలు తమాషా. ఒక్క మార్కు కూడా మార్చకుండా అక్షాల వరుస మాత్రం మార్చి చూడండి: కెమెరా, బ్యాటరీ, డిస్‌ప్లే, స్పీకర్, వేగం, ధర. ఇప్పుడు షోకు ఫోన్ మార్కులు 9, 3, 9, 3, 9, 3 అవుతాయి. ప్రతి త్రిభుజం 27, మొత్తం 162. ఇందాక 234 ఉన్నది 162కు పడిపోయింది, ఆకారం కూడా మూడు మొనల నక్షత్రంలా బక్కచిక్కిపోయింది. సాదా ఫోన్‌కు అన్నీ 6లే కాబట్టి ఎలా తిప్పినా 216. అవే ఫోన్లు, అవే మార్కులు, కానీ గెలిచినది ఓడిపోయింది.

ఆరు అక్షాలను చుట్టూ పేర్చడానికి ఎన్ని దారులున్నాయో కూడా లెక్కేశాను. చార్టును తిప్పినా, అద్దంలో చూసినా అదే ఆకారం కాబట్టి వాటిని ఒకటిగా లెక్కిస్తే 60 వరుసలు తేలతాయి. వాటిలో షోకు ఫోన్ పెద్దగా కనిపించేది 18 వరుసల్లో, అంటే మూడు 9లూ కలిసి కూర్చున్నప్పుడు మాత్రమే. మిగతా 42 వరుసల్లో సాదా ఫోనే పెద్దది. నేను చూసిన సైట్ ఆ 18లో ఒకదాన్ని వాడింది. కావాలని చేశారని నేననను. కెమెరా, డిస్‌ప్లే, వేగం అని చెప్పుకుంటూ పోవడం అందరికీ అలవాటే. కానీ ఫలితం మాత్రం నా జేబు మీద పడింది.

దీన్నే ఇంకోలా చూడండి. ఆ సైట్ వరుసలో షోకు ఫోన్ డిస్‌ప్లేకు ఒక్క మార్కు పెంచితే లబ్ధాల మొత్తం 18 పెరుగుతుంది, ఎందుకంటే దాని రెండు పక్కలా 9లున్నాయి. అదే ఒక్క మార్కు స్పీకర్‌కు పెంచితే పెరిగేది 6, ఎందుకంటే దాని పక్కన రెండూ 3లే. నాన్నకు స్పీకర్ ముఖ్యం, డిస్‌ప్లే కాదు. కానీ చార్టు తన లెక్కలో డిస్‌ప్లేకు మూడింతలు విలువ కట్టేసింది, అదీ ఎవరినీ అడక్కుండా, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నదాన్ని బట్టి.

వరుస సంగతి లేకపోయినా వైశాల్యం మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. అన్నింటిలో 4 వచ్చిన ఫోన్‌నూ అన్నింటిలో 8 వచ్చిన ఫోన్‌నూ పక్కన పెట్టండి. మార్కుల్లో తేడా రెండింతలు, రంగులో నాలుగింతలు. 6కూ 7కూ మధ్య తేడా ఆరోవంతే, బొమ్మలో మాత్రం మూడోవంతుకు పైగా పెద్దదిగా కనిపిస్తుంది.

ఇంకో తిరకాసు మార్కులు వేసే పద్ధతిలో ఉంటుంది. కొన్ని చార్టుల్లో పోలికలో ఉన్న ఫోన్లలోనే తక్కువదాన్ని మధ్యబిందువు దగ్గర, ఎక్కువదాన్ని అంచు దగ్గర పెడతారు. అప్పుడు 5000 ఎంఏహెచ్ బ్యాటరీ సున్నాలా మధ్యలో కూలబడుతుంది, 5500 ఎంఏహెచ్ అంచును తాకుతుంది. నిజంగా ఉన్న తేడా 10 శాతమే. ధర విషయంలోనూ అంతే: 18,999 రూపాయల ఫోన్ అంచుకు, 20,999 రూపాయల ఫోన్ మధ్యకు పోతాయి, రెండు వేల తేడా భూమికీ ఆకాశానికీ ఉన్నంత అవుతుంది. దీన్ని పట్టుకోవడం తేలికే. పోలికలో మూడో ఫోన్ ఒకటి చేర్చండి. మొదటి రెండింటి ఆకారాలు కదిలితే ఆ మార్కులు ఫోన్‌వి కావు, ఆ గుంపులో దాని స్థానానివి. ధర అక్షంలో బయటికి పోవడమంటే చవకనా, ఖరీదనా అన్నదీ ఒకసారి చూసుకోండి. బరువుకూ ఇదే పేచీ.

మీ చార్టును మీరే పరీక్షించాలంటే గూగుల్ షీట్స్ చాలు. మొదటి అడ్డవరుసలో పేర్లు పెట్టి, A నిలువులో 2 నుంచి 7 వరకు అంశాలు, B, C నిలువుల్లో రెండు ఫోన్ల మార్కులు వేయండి. A1 నుంచి C7 వరకు ఎంచుకుని Insert, Chart నొక్కి, రకాల్లో Radar chart తీసుకోండి. తర్వాత B8లో మొదటి మార్కునే మళ్ళీ తెచ్చి, B9లో లబ్ధాల మొత్తం వేయించండి:

```
B8:  =B2
B9:  =SUMPRODUCT(B2:B7,B3:B8)
```

C నిలువులోనూ ఇలాగే, B ఉన్నచోట C అని రాయండి. ఇక అంశాలనూ మార్కులనూ వేరే వరుసలో టైప్ చేసి చూడండి. అడ్డవరుసలను మౌస్‌తో లాగి మార్చకండి, ఫార్ములా చెదిరిపోవచ్చు. నాలుగైదు వరుసల్లోనే ఎవరు పెద్ద అన్నది మారిపోతుంటే, మీరు చూసిన తేడా ఫోన్లది కాదు, పేర్చడానిది. ఒక ఫోన్ అన్నింటిలోనూ రెండోదాన్ని మించితే మాత్రం ఎలా పేర్చినా అదే పెద్దగా వస్తుంది. అయినా అలాంటప్పుడు చార్టు చూడాల్సిన పనేముంది, మార్కులు చూస్తేనే తెలిసిపోతుంది.

అలాగని రాడార్ చార్టు పూర్తిగా పనికిరానిదని కాదు. ఒక్క ఫోన్‌నే చూస్తున్నప్పుడు ఎక్కడ గుంట పడిందో చటుక్కున కనిపిస్తుంది. నాన్న ఫోన్ చార్టులో ఎడమవైపంతా గుంటే, కింద బ్యాటరీతో మొదలై. ఆ రోజు నేను ఉబ్బును చూశాను, గుంటను చూడలేదు. కాబట్టి చార్టు తెరిచినప్పుడు రంగును వదిలేసి ఒక్కో అక్షం మీద ఒక్కో చుక్కనే చదవండి. రెండు ఫోన్ల రంగులు ఒకదానిమీద ఒకటి పడితే పైనున్నది కిందిదాన్ని కప్పేస్తుంది, అలాంటప్పుడు సైట్ ఒప్పుకుంటే ఒకదాన్ని దాచి రెండోది చూడండి.

ఎంపిక మాత్రం కాగితం మీదే. నాన్నకు కావలసినవి మూడే: బ్యాటరీ, స్పీకర్, ఆ తర్వాత ఎండలో కనిపించేలా డిస్‌ప్లే. వాటికి 3, 2, 1 చొప్పున బరువిస్తే షోకు ఫోన్‌కు 9, 6, 9 కలిపి 24. సాదా ఫోన్‌కు 18, 12, 6 కలిపి 36. ఈ బరువులు నేను ఇచ్చినవే, వేరేవాళ్ళు వేరేగా ఇస్తారు. కానీ అవి ఇక్కడ కళ్ళెదురుగా రాసి ఉన్నాయి, కావాలంటే నాతో పోట్లాడొచ్చు. చార్టు ఇచ్చిన బరువులు వరుసలో దాక్కుని ఉంటాయి.

మీ రెండు ఫోన్ల మార్కులు, అవి చార్టులో ఉన్న వరుసతో సహా కామెంట్లో పెట్టండి, లెక్క చూసి చెబుతాను. ఇంతకీ ఆ షోకు ఫోన్ ఇప్పుడు మా చెల్లి దగ్గరుంది. దానికి ఫోటోల పిచ్చి, ఛార్జర్ ఎప్పుడూ బ్యాగులోనే ఉంటుంది. నాన్న సాదా ఫోన్‌తో పొద్దున పొలానికి వెళ్ళి సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉంటున్నాడు, ఆ స్పీకర్ గోల వీధి చివరికి వినిపిస్తోందని అమ్మ గొడవ.