ఫీజు డబ్బు కట్ అయింది, రసీదు రాలేదు: యూటీఆర్ నంబర్ ఎక్కడుంటుంది?

"మా అమ్మాయి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ ఫీజు రూ.1200 ఫోన్‌పేలో కట్టాను. డబ్బు కట్ అయింది, వెబ్‌సైట్‌లో మాత్రం పెండింగ్ అని వస్తోంది. హెల్ప్‌డెస్క్‌కు స్క్రీన్‌షాట్ పంపితే, యూటీఆర్ నంబర్ కావాలంటున్నారు. అదేంటండీ?" — ఒక తండ్రి, ఖమ్మం

ఫోన్‌పే హిస్టరీలో ఆ పేమెంట్ తెరవండి. రెండు నంబర్లుంటాయి. T తో మొదలయ్యే పొడవాటి Transaction ID ఫోన్‌పే తన లెక్క కోసం ఇచ్చుకున్నది, బ్యాంకులో దాంతో పని జరగదు. కింద మీ బ్యాంకు ఖాతా దగ్గర UTR అని 12 అంకెలుంటాయి. వాళ్ళడిగేది అదే. గూగుల్ పేలో దాన్నే UPI transaction ID అంటారు. బ్యాంకు ఎస్సెమ్మెస్‌లో Ref No అని వస్తుంది.

సరైన నంబరే తీశారో లేదో చూసుకోవడానికి ఒక కిటుకుంది. సాధారణంగా మొదటి అంకె సంవత్సరంలోని చివరి అంకె, తర్వాతి మూడు ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి. 5165తో మొదలైతే 2025లో 165వ రోజు, అంటే జూన్ 14న కట్టినట్టు.

ఒకే రోజు రూ.1200 కట్టినవాళ్ళు వేలల్లో ఉంటారు. తేదీ, మొత్తం చెబితే అందులో మీది ఏదో ఎవరు తేలుస్తారు? యూటీఆర్ అయితే మీ బ్యాంకులోనూ, డబ్బు అందుకునే బ్యాంకులోనూ ఒకటే. అది కొట్టి చూడగానే డబ్బు ఎక్కడుందో తెలిసిపోతుంది. వాళ్ళ ఖాతాలో పడి ఉంటే అప్లికేషన్‌లో అప్‌డేట్ చేయాల్సింది హెల్ప్‌డెస్కే. పడకపోతే మీ బ్యాంకుది బాధ్యత. ఫీజు కట్టినట్టు అవతల నిర్ధారణ కాకపోతే, కట్టిన రోజు నుంచి 5 రోజుల్లో డబ్బు దానంతటదే వెనక్కి రావాలని రిజర్వ్ బ్యాంక్ 2019లో నిబంధన పెట్టింది. ఆ గడువు దాటితే రోజుకు రూ.100 చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి.

మెయిల్ ఇంత చాలు: "హాల్ టికెట్ నంబర్ ఫలానా. 14-06-2025న రూ.1200 కట్టాను, UTR 516512345678. స్టేటస్ పెండింగ్ అని ఉంది." నంబర్‌ను కాపీ చేసి పేస్ట్ చేయండి, చేత్తో టైప్ చేస్తే ఒక్క అంకె తప్పినా దొరకదు. పిన్, ఓటీపీ మాత్రం ఎవరడిగినా ఇవ్వొద్దు. ఈ పనికి వాటితో అవసరమే లేదు.

చివరి తేదీ రేపో ఎల్లుండో అయితే రిఫండ్ కోసం కూర్చోకండి. వెబ్‌సైట్‌లో పేమెంట్ స్టేటస్ ఇంకోసారి చూసి, అప్పటికీ పెండింగే అంటే మళ్ళీ కట్టేయండి. రెండు యూటీఆర్‌లూ రాసి పెట్టుకోండి, మొదటిసారి కట్టిన డబ్బు తర్వాత అడిగి తీసుకోవచ్చు. రిఫండ్ చేసేశామని వాళ్ళంటే, ఆ రిఫండ్ యూటీఆర్ ఇవ్వమనండి. అది చేతిలో ఉంటే మీ బ్యాంకులో అడగడం తేలిక.