ముప్పై కుర్చీల లెక్క మీ ఓనరుకు తలకిందులుగా అర్థమైంది

ప్రశ్న: మాది కావలి. మా నాన్న ఓ టిఫిన్ హోటల్లో పదిహేనేళ్లుగా గల్లా దగ్గర కూర్చుంటారు. సిగరెట్టు అలవాటు లేదు. పోయినేడాది గుండెపోటు వచ్చి స్టెంటు వేశారు. గల్లా పక్కనే ముందు రేకుల పంచలో టీ తాగేవాళ్లు రోజంతా పొగ వదులుతుంటారు. ఓనరును అడిగితే, "మాది 24 కుర్చీల హోటలు, చట్టం 30 దాటినోళ్లకే. అదీగాక పంచ బయట ఉంది" అంటాడు. నిజమేనా? పొగ ఆపించిన ఊళ్లో గుండెపోట్లు 40 శాతం తగ్గాయని చదివాను. అది చూపించి నష్టపరిహారం అడగొచ్చా?

జవాబు: ఆ 30 లెక్క చట్టంలో ఉన్న మాట నిజమే, కానీ ఉన్నది నిషేధానికి కాదు, మినహాయింపుకు. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టాన్ని కోర్టుల్లో మేం 'కోట్పా' అంటాం. దాని 4వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో ఎవరూ పొగ తాగకూడదు. 30 గదులున్న లాడ్జీలు, 30 మంది లేదా అంతకు మించి కూర్చునే హోటళ్లు, విమానాశ్రయాలు మాత్రం కావాలంటే పొగ తాగేవాళ్లకు విడిగా ఒక గది పెట్టుకోవచ్చు. అంటే మీ నాన్నగారి హోటలు చిన్నది కాబట్టి దానికి ఆ గది పెట్టుకునే వీలు కూడా లేదు. నేను చూసిన హోటలు యజమానుల్లో సగం మంది ఈ అంకెను ఇలాగే తిరగేసి చదువుకున్నారు.

గది అంటే కూడా ప్లైవుడ్ అడ్డం పెట్టిన మూల కాదు. నాలుగు వైపులా పైకప్పు దాకా గోడ, దానంతటదే మూసుకునే తలుపు, లోపలి గాలి హాల్లోకి రాకుండా నేరుగా బయటికి లాగేసే ఏర్పాటు ఉండాలి. గుమ్మం దగ్గర పెట్టకూడదు. అందులో టీ కూడా ఇవ్వకూడదు.

ఇక పంచ సంగతి. 2008 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉన్న నిబంధనల్లో 'రెస్టారెంటు' అనే మాటకు అర్థం రాశారు. డబ్బు తీసుకుని అక్కడే తినడానికి, తాగడానికి ఇచ్చే ఏ చోటైనా అందులోకి వస్తుంది, దాని చుట్టూ ఉన్న ఖాళీ స్థలంతో సహా. రేకుల పంచ అందులో భాగమే. సిగరెట్టే కాదు, బీడీ, చుట్ట కూడా నిషేధమే. పైగా అదే నిబంధనల్లో పనిచేసే చోటును కూడా బహిరంగ స్థలంగా లెక్కేశారు. మీ నాన్నగారికి ఆ గల్లా పనిచేసే చోటే కదా.

అసలు చిక్కు అమలు దగ్గర వస్తుంది. పొగ తాగినవాడికి జరిమానా 200 రూపాయల వరకే. అధికారి చలానా రాసి అక్కడికక్కడే కట్టించుకోవచ్చు. కట్టనంటే విషయం మేజిస్ట్రేటు ముందుకు వెళ్తుంది, అక్కడా ఇది చిన్న కేసే. ఏడాదికోసారి తనిఖీకి వచ్చి నలుగురికి చలానాలు రాసి వెళ్తే, మర్నాడు ఉదయం పంచలో మళ్లీ పొగే. ఆ నలుగురూ రోజూ వచ్చేవాళ్లు కాకపోవచ్చు. రోజూ ఉండేది ఓనరు. అందుకే నిబంధనలు బరువు ఆయన మీద పెట్టాయి.

ఆయన చేయాల్సినవి మూడు. గుమ్మం దగ్గర 60 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తుకు తగ్గని బోర్డు పెట్టాలి. ఫిర్యాదు ఎవరికి చెప్పాలో ఆ మనిషి పేరు కనపడేలా రాయాలి. యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్ల లాంటివి అందుబాటులో ఉంచకూడదు. మీ హోటలు పంచ స్తంభానికి లైటరు దారంతో వేలాడుతుంటే ముందు దాన్ని ఫోటో తీయండి. నా అనుభవంలో పొగ ఫోటో కంటే అదే బలమైన సాక్ష్యం. పొగ ఆరిపోతుంది, తాగినవాడు లేచి వెళ్లిపోతాడు, దారం కట్టింది మాత్రం హోటలువాళ్లే.

దీని తర్వాతి నిబంధన మీకు ముఖ్యం. ఫలానా రోజు నీ హోటల్లో పొగ తాగారని ఫిర్యాదు అందాక కూడా యజమాని కదలకపోతే, అక్కడ ఎన్ని నేరాలు జరిగాయో అన్నిటికి సమానమైన జరిమానా ఆయన కట్టాలి. ఒక ఉదయం ఏడుగురు తాగారనుకోండి, ఆయన మీద 1,400 దాకా పడుతుంది. ఇది పెద్ద మొత్తమేం కాదు, కానీ వారానికోసారి పడితే టీ మీద మిగిలేది పోతుంది. ఇక్కడే చాలా అర్జీలు వీగిపోతాయి. ఓనరుకు ముందే ఫిర్యాదు అందిందన్న రుజువు ఉండదు, నోటిమాటగా చెప్పి ఊరుకుంటారు. మీరు కాగితం మీద తేదీ, సమయం, ఎంతమంది తాగారో రాసి స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు తీసుకుని దాచండి. వారం ఆగి మళ్లీ ఒక రోజు లెక్క రాయండి. ఆ రెండు కాగితాల నకళ్లతో మునిసిపల్ కమిషనరుకు, టౌను పోలీసు స్టేషనుకు, నెల్లూరులో జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారికి అర్జీ పెట్టండి. కలెక్టరేటులో సోమవారం అర్జీగా కూడా ఇవ్వొచ్చు.

గుండెపోట్ల లెక్కకు వద్దాం. మీరు చదివింది అమెరికాలో హెలెనా అనే చిన్న ఊరి సంగతి అయ్యుంటుంది. 2002లో అక్కడ పొగ నిషేధం ఆరు నెలలు మాత్రమే నడిచింది, తర్వాత కోర్టు ఆపేసింది. మిగతా ఏళ్లలో అవే నెలల్లో సగటున 40 మంది గుండెపోటుతో ఆసుపత్రిలో చేరితే, నిషేధం ఉన్నప్పుడు 24 మంది చేరారు. నిషేధం పోయాక మళ్లీ పెరిగారు. ఆసక్తికరమైన లెక్కే, కానీ తేడా 16 మంది. అంత చిన్న అంకెలు ఏ ఏడాదైనా అటూ ఇటూ ఊగుతాయి. అర్జీలో 40 శాతం అని రాస్తే అవతలి లాయరు ముందు దాన్నే పట్టుకుంటాడు.

దాని బదులు స్కాట్లాండు రాయండి. అక్కడ 2006 మార్చిలో నిషేధం వచ్చింది. తొమ్మిది ఆసుపత్రుల్లో ముందు పది నెలలు, తర్వాతి ఏడాది అవే పది నెలలు పోల్చారు. చేరినవాళ్లు 3,235 నుంచి 2,684కు, అంటే 17 శాతం తగ్గారు. అప్పటికి నిషేధం లేని ఇంగ్లండులో అదే కాలంలో తగ్గింది 4 శాతం. స్కాట్లాండులో తగ్గినవాళ్లలో 67 శాతం పొగ తాగనివాళ్లు. మీ నాన్నగారు ఆ కోవలోని మనిషే. ఇంత త్వరగా ఎలా తగ్గుతాయంటే, పక్కవాడి పొగ రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడాన్ని ఏళ్ల తరబడి పెంచడమే కాదు, రక్తం గడ్డకట్టే గుణాన్నీ నాళాల లోపలి పొరనూ గంటల్లోనే దెబ్బతీస్తుంది. పొగ ఆగితే ఆ భాగం త్వరగానే సర్దుకుంటుంది.

ఇంగ్లండులో 2007 జులైలో నిషేధం వచ్చాక తగ్గింది మాత్రం 2.4 శాతమే. అక్కడ చాలా పనిచోట్లు అప్పటికే పొగ మానేశాయి కాబట్టి కొత్తగా తగ్గడానికి పెద్దగా మిగల్లేదు. 2.4 శాతమైనా మొదటి ఏడాదిలో 1,200 కేసులు. ఈ తేడాను దాచకుండా రాస్తే మీ అర్జీ మీద నమ్మకం పెరుగుతుంది.

నష్టపరిహారం దావా వేయమని మాత్రం నేను చెప్పను. ఈ లెక్కలన్నీ వేలమంది మీద తీసినవి. మీ నాన్నగారి గుండెపోటు ఫలానా పంచ పొగ వల్లే వచ్చిందని అవి చెప్పలేవు. కోర్టులో బీపీ, షుగరు, వయసు, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని ఒక్కొక్కటే అడుగుతారు. అయిదేళ్లు తిరిగి, ఫీజులు కట్టి, చివరికి నాన్నగారి పాత రిపోర్టులతోనే ఓడిపోతారు. స్టెంటు వేసిన డాక్టరు చేత పొగ ఉన్న చోట కూర్చోకూడదని ఒక చీటీ రాయించుకుని అర్జీకి జతచేయండి, ఆ కాగితానికి అదే సరైన చోటు.

ఇంకొకటి. అర్జీ మీ పేరుతో, హోటలుకు వచ్చే కస్టమరుగా వేయండి. పొగ పీల్చిన ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు, ఉద్యోగే చేయాలని లేదు. నాన్నగారి సంతకం ఉంటే పొగ ఆగేలోపే గల్లా తాళాలు చేతులు మారతాయి.