స్వీప్ లైన్‌కు కొన్ని ఖండనలు ఎందుకు దొరకడం లేదు?

ప్రశ్న: పైపులైన్ల మ్యాప్‌లో 50 వేల గీతలున్నాయి. ఏవి ఎక్కడ ఖండించుకుంటున్నాయో తెలుసుకోడానికి పైథాన్‌లో స్వీప్ లైన్ రాశాను. కొన్ని ఖండనలు తప్పిపోతున్నాయి. గీతను తొలగించేటప్పుడు ఒక్కోసారి ‘దొరకలేదు’ అని ఆగిపోతోంది. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ ‘దొరకలేదు’లోనే మీ జబ్బు బయటపడుతోంది. స్టేటస్‌లో, అంటే స్వీప్ లైన్ ప్రస్తుతం తాకుతున్న గీతల జాబితాలో, కింది నుంచి పైకి ఉండాల్సిన వరుస చెడిపోయింది. ఎలాగో మూడు గీతలతో చూద్దాం.

A (0,0) నుంచి (10,10) వరకు, B (1,8) నుంచి (9,0) వరకు, C (2,5) నుంచి (8,5) వరకు. స్వీప్ లైన్ అనే నిలువు గీత ఎడమ నుంచి కుడికి జరుగుతోంది. గీతల కొసలు, ఖండనలు వచ్చే చోట్లే దానికి ఈవెంట్లు. x=1 దగ్గర A, B పక్కపక్కన ఉన్నాయి కాబట్టి వాటి ఖండన x=4.5 రాబోయే ఈవెంట్ల క్యూలో చేరుతుంది. x=2లో C మధ్యలో దూరుతుంది. కింది నుంచి వరుస A, C, B. ఇక A, B పొరుగు కావు, 4.5ను క్యూ నుంచి తీసేస్తాం. C-B ఖండన 4, A-C ఖండన 5 చేరతాయి. x=4లో C, B స్థానాలు మారి వరుస A, B, C అవుతుంది. 5 పోయి 4.5 మళ్లీ వస్తుంది. x=4.5 తర్వాత వరుస B, A, C. అప్పుడు 5 తిరిగి చేరుతుంది.

పొరుగు గీతలనే పరీక్షిస్తున్నాం కదా. వరుస ఒక్కసారి తప్పితే నిజమైన పొరుగు గీతలు ఎదురుపడవు, ఆ ఖండన మాయమవుతుంది. మీ రెండు సమస్యలకూ మూలం ఇదే.

తప్పు సరిగ్గా ఖండన బిందువు దగ్గర మొదలవుతుంది. x=4లో B, C రెండింటి ఎత్తూ 5. ఎత్తును బట్టి వెతికితే ఏది పైనుందో తేలదు. ఖండన x 1/3 లాంటిదైతే ఫ్లోట్‌లో చివరి అంకె అటూ ఇటూ అయి, వెతుకులాట తప్పు వైపు వెళ్తుంది. అందుకే అక్కడ తీసి మళ్లీ చేర్చకండి. ఏ గీత ఏ స్థానంలో ఉందో గుర్తుపెట్టుకుని ఆ రెంటినీ నేరుగా మార్చండి. కొత్త గీతను చేర్చేటప్పుడు ఎత్తులు సమానమైతే వాలును చూడండి: ఎక్కువ వాలున్నది పైన.

కొలతలను సెంటీమీటర్లలో పూర్ణాంకాలుగా మార్చి, ఖండన xనూ ఎత్తునూ భిన్నాలుగా లెక్కించండి:

```python
from fractions import Fraction as F
def y_at(s, x):
    (x1, y1), (x2, y2) = s
    return y1 + F((y2 - y1) * (F(x) - x1), x2 - x1)
```

వేగం తగ్గుతుంది, వరుస మాత్రం చెడదు. మ్యాప్‌లోని నిలువు గీతలకు ఇది పనికిరాదు, సున్నాతో భాగించాల్సి వస్తుంది. వాటిని విడిగా చూడండి. ఒకే బిందువు గుండా మూడు నాలుగు గీతలు దాటిపోతే జతలుగా మార్చకుండా ఆ గుంపు మొత్తాన్ని తిరగేయండి. పైపుల జంక్షన్లలో ఇది తరచూ వస్తుంది.

సరిచేశాక 200 గీతలు తీసుకుని, మొత్తం 19,900 జతలనూ నేరుగా పరీక్షించిన ఫలితంతో పోల్చండి. తేడా వస్తే, ప్రతి ఈవెంట్ తర్వాత, తర్వాతి ఈవెంట్‌కు సగం దూరంలో ఎత్తులు లెక్కించి వరుస సరిచూడండి. వరుస మొదట ఎక్కడ తప్పిందో ఆ ఈవెంట్‌లోనే మీ బగ్ ఉంటుంది.