పేల లోషన్: నడుము దాకా జడ ఉంటే ఒక సీసా చాలదు

అమెరికాలో స్కూల్ నుంచి "మీ పాపకి పేలు ఉన్నాయి" అని ఫోన్ రాగానే మనం ఫార్మసీకి పరుగెత్తి నిక్స్ సీసా తెచ్చేస్తాం. డాక్టర్ చీటీ అక్కర్లేదు. అందులో ఉండేది 1 శాతం పెర్మెత్రిన్.

మా పెద్దదానికి అప్పుడు ఏడేళ్లు, నడుము దాటిన జడ. 59 మిల్లీలీటర్ల సీసా ఒక్కటే తెచ్చి పైపైన పూసేశాను. అంతకుముందు అలవాటుగా కండిషనర్ కూడా పెట్టాను. రెండూ తప్పే. కండిషనర్ గానీ కొబ్బరినూనె గానీ జుట్టుకి ఉంటే మందు సరిగ్గా అంటదు. కండిషనర్ లేని షాంపూతో తలంటి, తువ్వాలుతో ఒత్తి, తడి కాస్త ఉండగానే మందు పట్టించాలి. చెవుల వెనక, మెడ పైన మొదలుపెట్టి మాడు నుంచి కొసల దాకా తడవాలి. జుట్టు భుజాలు దాటితే రెండో సీసా దగ్గర పెట్టుకోండి. సరిగ్గా 10 నిమిషాలు ఉంచి, షవర్ కింద కాకుండా సింక్ దగ్గర తల వంచి కడిగేయండి, ఒళ్లంతా కారదు. తర్వాత ఒకటి రెండు రోజులు తలంటొద్దు.

పిల్లల వయసు చూసుకోండి. పెర్మెత్రిన్ రెండు నెలలు నిండాకే. పక్కనే అరలో ఉండే పైరెత్రిన్ మందులు రెండేళ్లు నిండాకే. మా చిన్నవాడికి అప్పుడు 14 నెలలు, అక్క పక్కనే పడుకునేవాడు కాబట్టి వాడికీ పెర్మెత్రినే వేశాం. రెండు నెలల లోపు పసిపాపకైతే మందే వద్దు, చేత్తో ఏరెయ్యాలి.

మందు పనిచేసిందో లేదో 8 నుంచి 12 గంటల తర్వాత చూడండి. పేలు ఉన్నా నత్తనడక నడుస్తుంటే మందు పనిచేస్తున్నట్టే, పేల దువ్వెనతో దువ్వి తీసేయండి. ఎప్పటిలాగే చకచకా పాకుతుంటే మాత్రం ఆ మందుకి అవి లొంగడం లేదు. అదే మళ్లీ పూయకుండా పిల్లల డాక్టర్‌ని అడగండి, వేరే మందులున్నాయి.

పెర్మెత్రిన్ ఈపుల్ని పూర్తిగా చంపదు. అవి వారం, తొమ్మిది రోజుల్లో పగులుతాయి. అందుకే రెండోసారి తప్పనిసరి. మొదటిది శనివారం వేస్తే, తొమ్మిది రోజుల తర్వాత, అంటే మరుసటి శనివారం దాటాక వచ్చే సోమవారం వేయండి. మరీ ముందు వేస్తే ఈపులు ఇంకా పగలవు, మరీ ఆలస్యమైతే కొత్త పేలు మళ్లీ గుడ్లు పెడతాయి. నేను ఐదో రోజే కంగారుపడి పూసేశాను, రెండు వారాలకి పాప మళ్లీ గోక్కుంది.

రెండోసారి అయ్యాక కూడా రెండు మూడు వారాలు, రెండు మూడు రోజులకోసారి పేల దువ్వెనతో దువ్వి, తెల్ల టిష్యూ మీద దులిపి చూడండి.