ఓనరుకు ఉత్తరం రాసే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మీ ఆఫీసు అగ్రిమెంటు డిసెంబరు 31తో అయిపోతుందనీ, అద్దె తగ్గించమని, రిపేర్లు చేయించమని ఓనరుకు ఉత్తరం రాయాలనీ అన్నావు. ఈ పని నవంబరు దాకా ఆపొద్దు అబ్బయ్యా. నెల్లూరులో అసలు వానలు అక్టోబరు నుంచే. అవి మొదలైతే తడి స్లాబు మీద వాటర్‌ప్రూఫింగ్ పని నిలవదు. ఆగస్టులోనే ఉత్తరం ఇస్తే, ఆ వానలు మొదలవకముందే పని చేయడానికి మేస్త్రికి సెప్టెంబరు దొరుకుతుంది.

ముందు అగ్రిమెంటు తీసి అద్దె పెంపు గురించి ఏముందో చదువు. నువ్వు పంపిన ఫోటోలో "రెన్యువల్ సమయంలో 15 శాతం పెంచి" అని స్పష్టంగా ఉంది. అంటే ఇప్పుడిచ్చే 27,000 అద్దె 31,050 అవుతుంది. నువ్వు సంతకం పెట్టిన షరతు కాబట్టి అద్దె విషయంలో నీది విన్నపమే, హక్కు కాదు. ఉత్తరంలో మాట కూడా అలాగే ఉండాలి. రిపేరు సంగతి అలా కాదు. కట్టడానికి సంబంధించిన పెద్ద మరమ్మతులు ఓనరువేనని మీ అగ్రిమెంటులోనే ఉంది కాబట్టి అది ఈరోజు కూడా ఆయన బాధ్యతే. అందుకే "స్లాబు బాగు చేయిస్తే పెంచిన అద్దె ఇస్తాను" అని మాత్రం రాయకు. ఎలాగూ నీకు రావలసిన దాన్ని డబ్బిచ్చి కొనుక్కున్నట్టవుతుంది. రెండూ ఒకే ఉత్తరంలో ఉండొచ్చు గానీ వేరువేరు పేరాల్లో ఉండాలి. రిపేరు ముందు, అద్దె తర్వాత.

వెనక గదిలో కారుతోందంటే సరిపోదు. ఎప్పుడు కారుతోందో చూడు. వాన పడిన రోజుల్లోనే మరక తడిగా ఉంటే నీళ్లు పైకప్పు నుంచి దిగుతున్నట్టు. చాలాసార్లు పిట్టగోడ స్లాబుతో కలిసే చోట పగులు ఉంటుంది. ఎండాకాలంలో కూడా చెమ్మ ఆరకపోతే పైపునో, ట్యాంకునో అనుమానించాలి. తేదీ పడేలా ఫోటోలు తీసి జతచెయ్యి. రెండు ఏసీలు కలిపి వేస్తే ఎంసీబీ పడిపోతోందన్నావు. రెండో ఏసీ నువ్వు పెట్టించుకున్నదే కదా, దాన్ని ఓనరు ఖాతాలో వెయ్యకు. కుళాయి వాషర్లు, ట్యూబులైట్లు కూడా వద్దు. చిన్నవి కలిపితే పెద్దదాని బరువు తగ్గిపోతుంది.

రిపేరు పేరా ఇలా రాయి: "వెనక గది పైకప్పు, పిట్టగోడ మూల దగ్గర వాన పడినప్పుడల్లా కారుతోంది. ఫోటోలు జతచేశాను. దయచేసి మీ మేస్త్రిని పంపి చూపించి, సెప్టెంబరు 30 లోగా పని పూర్తి చేయించగలరు. ఏ రోజు వస్తారో చెబితే గది ఖాళీ చేసి ఉంచుతాను."

అద్దెకు ఊరికే "తగ్గించండి" అనకుండా ఒక లెక్క పెట్టు. మొదటి ఏడాది 27,000 అలాగే ఉంచి, రెండో ఏడాది 5 శాతం కలిపి 28,350, మూడో ఏడాది మరో 5 శాతం కలిపి సుమారు 29,770 అడుగు. మాగుంట లేఅవుట్లో మీ వీధిలోనే ఖాళీగా ఉన్న రెండు మూడు ఆఫీసులకు చదరపు అడుగుకు ఎంత అడుగుతున్నారో కనుక్కుని ఆ అంకెలు రాయి. వాళ్లు చెప్పే కొలతలో మెట్ల వాటా కలిసిందో లేదో కూడా అడుగు. లేకపోతే పోలిక తప్పుతుంది.

ఖాళీ చేస్తానని బెదిరించకు. నేనూ రెండు గదులు అద్దెకిస్తున్నవాణ్ణే కాబట్టి చెబుతున్నా, ఆ లెక్క ఓనరు తనే వేసుకుంటాడు. పెంపు మీద ఆయనకు నెలకు వచ్చేది 4,050. రెండు నెలలు ఖాళీగా ఉంటే పోయేది 54,000, అంటే ఏడాదికి పైగా పెంపు. నువ్వు ప్రతి నెలా టైముకి అద్దె కట్టావని ఒక వాక్యంలో గుర్తుచేస్తే చాలు.

జవాబు రాకపోతే అద్దె ఆపొద్దు. అలా చేస్తే ఖాళీ చేయించడానికి నువ్వే కారణం చేతికిచ్చినట్టు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108లో ఒక దారి ఉంది. ఓనరు చేయించాల్సిన రిపేరును, నోటీసు ఇచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారు చేయించుకుని ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. కానీ అగ్రిమెంటులో దానికి విరుద్ధంగా ఉంటే అదే చెల్లుతుంది. కాబట్టి రూపాయి కోసే ముందు లాయరుకు చూపించు. ఇప్పుడు రాసే ఉత్తరమే ఆ నోటీసుకు రుజువు, కానీ అందులో సెక్షన్ పేరు ఎత్తకు. మొదటి ఉత్తరంలోనే చట్టం కనిపిస్తే ఆయన నీతో మాట్లాడకుండా లాయరు దగ్గరికి పోతాడు.

ముందు ఫోన్ చేసి, "అయ్యా, ఒక ఉత్తరం తెస్తున్నాను" అని చెప్పి, స్వయంగా ఇచ్చి, రెండో కాపీ మీద "అందింది" అని తేదీతో సంతకం తీసుకో. ఆయన బెంగుళూరులో కొడుకు దగ్గరుంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచు. ఒప్పుకున్నవి నోటిమాటగా వదలకుండా కొత్త అగ్రిమెంటులో రాయించు. మూడేళ్లకైతే రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో కూడా ముందే తేల్చుకోండి.

ఉత్తరం రాశాక ఆయనకిచ్చే ముందు నాకు వాట్సాప్‌లో పెట్టు, చదివి చెబుతాను.

మీ మామయ్య,
కావలి