ఫ్లాట్ 1,180, టైల్స్ కూడా 1,180 అడుగులేనా?

ప్రశ్న: హైదరాబాద్‌లో 1,180 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ కొన్నాం. గదుల్లోకి 2×2 టైల్స్ అడుగు 55 చొప్పున 64,900 అవుతుందని కాంట్రాక్టర్ అంటున్నాడు. నా దగ్గర ప్లాన్ స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉంది. లెక్క సరైనదేనా?

జవాబు: కాదు. 1,180 అంటే అమ్మకం విస్తీర్ణం. మెట్లు, లిఫ్ట్, కారిడార్‌లో మీ వాటా కూడా అందులోనే ఉంటుంది. రెరా ప్రకారం ఒప్పందంలో రాసే కార్పెట్ ఏరియాలోనూ లోపలి గోడల మందం కలిసే ఉంటుంది. గోడల కింద టైల్ వేయరు కదా. అందుకే గది గదికీ విడిగా లెక్కేయాలి.

మీరు పంపిన ప్లాన్‌లో హాలు 18'-0" × 11'-0", అంటే 198. పెద్ద బెడ్‌రూమ్ 12'-0" × 10'-6", అంటే 126. వంటగది 9'-0" × 8'-0", అంటే 72. చిన్న బెడ్‌రూమ్ 11'-0" × 10'-10" దగ్గరే చాలామంది తప్పులో కాలేస్తారు. కాలిక్యులేటర్‌లో 10.10 కొడితే 111 వస్తుంది. అంగుళాలను 12తో భాగించి 10.83 కొట్టాలి, అప్పుడు 119. గదుల మధ్య నడవాకి కొలత రాయలేదు. స్క్రీన్‌షాట్ మీద స్కేలు పెట్టి కొలవకండి, టేపు పట్టుకుని వెళ్లండి. ప్రస్తుతానికి 10 × 3.5 అనుకుందాం, 35. మొత్తం 550.

కోతల్లో పోయేదానికి 10 శాతం కలిపితే 605. ఇప్పుడు బాక్సులు. నాలుగు టైల్స్ ఉన్న బాక్సును షాపులో 16 అడుగులంటారు. కానీ అసలు టైల్ 600 మిల్లీమీటర్లే, రెండడుగులకు కాస్త తక్కువ. బాక్సుకి వచ్చేది 15.5 అడుగులు. 16తో భాగిస్తే 38 బాక్సులు చాలనిపిస్తుంది, నిజానికి 40 కావాలి. ఆ రెండూ తర్వాత కొంటే వేరే బ్యాచ్ వచ్చి రంగు తేడా కొడుతుంది.

గోడల అడుగున పట్టీలా వేసే స్కర్టింగ్‌కి అదే టైల్ కోస్తే హాలు, రెండు బెడ్‌రూముల్లో తలుపులు పోను సుమారు 130 అడుగుల పొడవు. టైల్‌కి ఐదు ముక్కలొస్తాయి కాబట్టి ఇంకో 4 బాక్సులు. మొత్తం 44 బాక్సులు, 682 అడుగులు, 37,510 రూపాయలు. కాంట్రాక్టర్ మాటకీ దీనికీ 27,390 తేడా. బాత్‌రూమ్‌లు, బాల్కనీకి జారని టైల్స్ వేస్తారు, వాటి కొటేషన్ వేరేగా తీసుకోండి.

పెయింట్‌కి మాత్రం ఈ ప్లాన్ సగమే పనికొస్తుంది, ఎత్తు ఇందులో ఉండదు. పెద్ద బెడ్‌రూమ్ చుట్టుకొలత 45 అడుగులు, ఎత్తు తొమ్మిదిన్నర అయితే గోడలు 427. తలుపు, కిటికీ తీసేస్తే 390 దాకా, సీలింగ్ 126. పెయింటర్ కూడా 1,180ని ఏదో ఒక అంకెతో గుణించి చెబితే ఒప్పుకోకండి, గదివారీగా రాసివ్వమనండి.

అడ్వాన్స్ ఇచ్చేముందు బాక్సు మీది చదరపు మీటర్ల అంకె (1.44 అని ఉంటుంది) చూసి, తెరవని బాక్సులు వెనక్కి తీసుకుంటామని బిల్లు మీదే రాయించుకోండి.